ఎనిమిదింటి అలారం, ఫ్రిజ్ మీద కాగితం

అత్తయ్యగారు ఒకే పొద్దున బీపీ మాత్ర రెండుసార్లు వేసుకున్నారు. అప్పటికి నేను ఆఫీసుకు చేరి అరగంటైంది. మామయ్యగారు ఫోన్ చేసి, "కంగారు పడకమ్మా, మీ అత్త గోడ పట్టుకుని నడుస్తోంది" అన్నారు. వేసుకున్నానో లేదో గుర్తులేక మళ్ళీ వేసుకున్నారట.

ఆసుపత్రిలో మధ్యాహ్నం దాకా పడుకోబెట్టి, బీపీ చూస్తూ ఉండి, తర్వాత ఇంటికి పంపించారు. "ఒక్కరోజు మానేసినా ఫర్వాలేదు. అనుమానం వస్తే మాత్రం ఈ మాత్ర రెండోది వేసుకోకండి. వేసుకోగానే ఎక్కడన్నా రాసిపెట్టుకోండి" అన్నారు డాక్టరుగారు.

రాసిపెట్టుకోవడానికని నేను అంతకు మూడు నెలల ముందే ఇద్దరి ఫోన్లలోనూ ఒక యాప్ వేసిపెట్టాను. అత్తయ్యగారు కళ్ళజోడు వెతుక్కుని, లాక్ తీసేసరికి అందులో గుర్తుచేసిన మాట కాస్తా మాయమైపోయేది. మామయ్యగారైతే దాని నోరు మూయించడానికి 'అయిపోయింది' అన్న బటన్ నొక్కేసేవారు.

"ఫోనంటే మాట్లాడుకోడానికమ్మా. అది నాకు పనులు చెప్పడమేంటి?" అనేవారు.

నాకు కోపం వచ్చేది. నేర్చుకోవాలని లేదు వీళ్ళకి అనుకునేదాన్ని.

ఆ సాయంత్రం మా ఆయన ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి, సంగతంతా విని, "మా దగ్గర అంత పెద్ద మిషన్ల పక్కనా కాగితమే వేలాడుతుంది. చూసినవాడు అక్కడే సంతకం పెడతాడు" అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది. పాత క్యాలెండరు వెనకవైపు స్కేలుతో గళ్ళు గీసి, వారానికి సరిపడా కాగితం ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించాను. పెన్సిల్‌కి దారం కట్టి పక్కన వేలాడదీశాను.

మొదట పన్నెండు పనులు రాశాను. రెండురోజుల్లో దాన్ని ఎవరూ చూడటం మానేశారు. నాలుగే ఉంచాను: అత్తయ్యగారి బీపీ మాత్ర, టిఫిన్ తిన్నాక మామయ్యగారి షుగర్ మాత్ర, పాలు కాచడం, మోటారు ఆపడం. అలారం ఒక్కటే, పొద్దున్న ఎనిమిదింటికి, రోజూ మోగేలా మామయ్యగారి ఫోన్లో పెట్టాను. ఆ వేళకి ఫోను ఫ్రిజ్ మీదే ఉండాలన్నాను. అలారం ఆపాలంటే అక్కడికి నడవక తప్పదు.

వారం బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు మెట్ల మీద నా బ్యాగు సర్దుకుంటుంటే పక్కింటావిడ కేకేశారు. "ఏవండీ, మీ ట్యాంకు పొంగిపోతోందండీ!" లోపలికి పరుగెత్తి మోటారు ఆపి, ఫ్రిజ్ వైపు చూశాను. నాలుగు గళ్ళలోనూ టిక్కులున్నాయి.

"మామయ్యగారూ, మోటారు ఆపారా?"

"ఆపుతారు కదా ఎవరో ఒకరు అనుకున్నానమ్మా."

"మరి అత్తయ్యగారి మాత్ర?"

అత్తయ్యగారు వంటింట్లోంచే, "ఇంకా వేసుకోలేదు, పెట్టేశారా టిక్కు?" అన్నారు.

అప్పుడు మామయ్యగారే అన్నారు. "ఖాళీగా ఉంటే సాయంత్రం నువ్వొచ్చి ఏమంటావో అనిపిస్తుందమ్మా. బడిలో హాజరు పట్టీలా ఉంది."

ఆ మాట నన్ను ఆపేసింది. నిజమే, ఇంట్లోకి రాగానే నేను మొదట చూసేది ఆ కాగితాన్నే. ఖాళీ గడి కనిపిస్తే ఎవరిదో అడిగేదాన్ని, అడిగే తీరు కూడా అంత బాగుండేది కాదు.

అత్తయ్యగారు వచ్చి పెన్సిల్ తీసుకున్నారు. "ఎవరి పని వాళ్ళే, చేశాకే పెట్టుకుందాం. టిక్కు కాదు, ఎవరి పేరులో మొదటి అక్షరం వాళ్ళు. మర్చిపోతే మర్చిపోయామని రాద్దాం. నువ్వేం అనకు" అన్నారు నాతో. నేను తలూపాను.

ఆ తర్వాత అలారం మోగితే ఇద్దరూ ఫ్రిజ్ దగ్గరికి వచ్చేవారు. "నీదైందా?" "ఇప్పుడే వేసుకున్నానండీ, రాయనీండి" అనుకునేవారు. మోటారు వంతు నేను తీసుకున్నాను. మొదటి వారంలో రెండు గళ్ళు నావే 'మర్చిపోయాను' అయ్యాయి. మామయ్యగారు చదివి, ఏమీ అనకుండా కాఫీ తాగారు. అలా ఏమీ అనకుండా ఉండటం ఎంత కష్టమో, నేనూ నోరు కట్టుకుంటున్నాను కనక, నాకు తెలుసు.

మొన్న వేసవిలో అత్తయ్యగారు యానాంలో చెల్లెలింటికి వారం రోజులు వెళ్ళారు. ఆవిడ మాత్రకి వేరే కాగితం గీసి ఆవిడతో పంపాను. ఎనిమిదింటికి ఇక్కడ అలారం మోగగానే మామయ్యగారు ఫోన్ చేసేవారు. తిరిగొచ్చాక అత్తయ్యగారు ఆ కాగితం నా చేతికిచ్చారు. ఆరు గళ్ళలో వంకరటింకరగా ఆవిడ అక్షరం. గురువారం గడిలో మాత్రం, "వేసుకున్నానో లేదో తెలీలేదు. మళ్ళీ వేసుకోలేదు" అని ఉంది.

"తిడతావా?" అన్నారు.

"లేదండీ" అన్నాను. ఆ కాగితాన్ని పారేయబుద్ధి కాలేదు.