చెరిపేయమని నేనే రాశాను

చదువు యాప్‌ల గురించి మా అమ్మాయి బడికి ఉత్తరం రాశాను. పిల్లల వివరాలు ఏమేం తీసుకుంటున్నారు, ఎక్కడ దాస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు అని అడిగాను. మా పిల్ల వివరాలన్నీ చెరిపేయండని చివర్న కోపంగా రాసి సంతకం పెట్టాను.

సంచౌంగ్ పేటలో ఉన్న ఆ బడికి నన్ను పిలిచారు. సయామా, అంటే ఇక్కడి భాషలో టీచరమ్మ, దాపరికం లేకుండా చెప్పింది. పేరు, పుట్టిన తేదీ, పాఠం పైకి చదివినప్పటి గొంతు తీసుకుంటారు. అవన్నీ సింగపూర్ సర్వర్‌లో ఉంటాయి. ఉచ్చారణకు మార్కులు వేసే ఇంకో కంపెనీకి గొంతు కూడా వెళ్తుంది.

"మాకెవరు చెప్పారిది?" అని నిలదీశాను.

ఆమె యాప్‌లోంచి ఒక రికార్డింగ్ వినిపించింది. మా అమ్మాయి ఇంగ్లీషు పాఠం చదువుతోంది. వెనక వంటింట్లోంచి మా అత్తగారు కేకేస్తున్నారు: "ఏటే, ఎంతసేపే? అన్నం సల్లారిపోతంది, రాయే!"

అత్తగారు మొన్న వానాకాలంలో పోయారు. నాకు ఏడుపు రాలేదు. తల మీద ఫ్యాను తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

"చెరిపేస్తే మళ్ళీ రావు. తీసెయ్యమని కంపెనీకి రాసెయ్యమంటారా?" అంది టీచరమ్మ. నా ఉత్తరం ఆమె ముందే ఉంది.

"ఇంకోసారి పెట్టండి, సయామా" అన్నాను.