తొమ్మిది నుంచి పదమూడు దాకా

భూతద్దం బాబాయి కంట్లో పడ్డ తప్పు బతికి బయటపడ్డ దాఖలా లేదు. ముప్పయ్యేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ఒకసారి కదులుతున్న రైలు పెట్టె మీది బోర్డులో అచ్చుతప్పు కనిపిస్తే, పెన్సిలు చేతపట్టుకుని రెండు స్టేషన్లు దాని వెంట పరిగెత్తాడట. నమ్మనివాళ్లు వెళ్లి ఆయన మోకాళ్లు చూడొచ్చు.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, అన్న కూతురు పనిచేసే చిన్న సంస్థకు వచ్చి చేతికందిన కాగితమల్లా దిద్దేవాడు. పక్షవాతంతో మంచం పట్టినవాళ్ల ఇళ్లకే వెళ్లి వ్యాయామం చేయించే సంస్థ అది. పాత గ్రాంటు నెలాఖరుతో ఆఖరు. కొత్తది రాకపోతే ఆ తలుపులు తట్టే దిక్కుండదు. దాత సంస్థ అడిగిన ముప్పై పేజీల ఇంగ్లీషు దరఖాస్తును అన్న కూతురే రాసింది. ఆ రోజు సాయంత్రం అయిదులోపు పంపాలి.

పన్నెండింటికి బాబాయి కిటికీ పక్క బల్ల మీద కాగితాలు పరిచాడు. పక్కన ఒక తెల్లకాగితం. ఏ పొట్టి పేరు ఏ పేజీలో మొదట వచ్చిందో, దాని పూర్తి పేరు అక్కడ ఇచ్చారో లేదో. ఏ మాటకు పెద్దక్షరం, దేనికి చిన్నక్షరం. అంకెలు ఎక్కడ అక్షరాల్లో, ఎక్కడ అంకెల్లో. తేడా కనిపిస్తే పేజీ నంబరు రాసుకోవడం ఆయన అలవాటు.

తొమ్మిదో పేజీలో ‘టీఎస్‌యూ’ అని తగిలింది. పూర్తి పేరు ఎక్కడా లేదు.

“అమ్మలూ, ఈ టీఎస్‌యూ ఎవరే? మన చుట్టాలా?” అని కేకేశాడు.

అన్న కూతురు ఫోన్లో ఉంది. వేలు చూపించి ఆగమంది.

పక్కనే ఉన్న, ఇళ్లకెళ్లి వ్యాయామం చేయించే ఫిజియో తల గీరుకున్నాడు. “నాకూ తెలీదండీ. ఆరేళ్లుగా ఇక్కడే ఉన్నాను, అలాంటి మనిషి టీకి కూడా రాలేదు.”

సరే అని ముందుకు సాగాడు. ‘హోమ్ విజిటర్’ అన్న మాటకు ఎనిమిదో పేజీ దాకా పెద్దక్షరాలు. తొమ్మిదిలో చిన్నవయ్యాయి. పద్నాలుగులో మళ్లీ పెద్దవి. పది లోపు అంకెలను అక్షరాల్లో రాసే పద్ధతి ఎనిమిదో పేజీలో ఆగిపోయి, పద్నాలుగులో మళ్లీ మొదలైంది. లక్షల దగ్గర పెట్టాల్సిన కామా కూడా మధ్యలో ఆ అయిదు పేజీల్లోనే చోటు మార్చుకుంది. ఆఖరిదాకా చదివి, వెనక్కొచ్చి పన్నెండో పేజీ దాకా అన్నీ సరిచేసి, ఒక్కసారి తెల్లకాగితం వైపు చూశాడు.

మూడు వరుసల్లోనూ అవే పేజీలు. తొమ్మిది నుంచి పదమూడు దాకా.

పెన్సిలు జారి బల్ల కింద పడింది. ఆయన దాన్ని తీయలేదు. ఒక మనిషి రాస్తే తప్పులు అక్కడక్కడా పడతాయి. ఇలా హద్దు గీసుకుని కూర్చోవు. ఈ అయిదు పేజీలు వేరే చేతివి.

అన్న కూతురు ఫోను పెట్టేసి వచ్చి, ఆ కాగితం చూసి తెల్లబోయింది.

“బాబాయ్... వేరే సంస్థవాళ్లు పంపిన నమూనా అది. టైమ్ లేక అక్కణ్నుంచి ఎత్తి పెట్టాను. వాళ్ల పేరు ఉన్న ప్రతిచోటా మన పేరు వచ్చేలా ఒక్క దెబ్బకి మార్చేశాను.”

“పూర్తి పేరు మార్చావు తల్లీ. పొట్టి పేరు మిగిలిపోయింది.”

“వాళ్ల సంస్థ పేరే... ట్రావెలింగ్ సపోర్ట్ యూనిట్.”

లోపలి గదిలోంచి సంస్థ నడిపే పెద్దమేడం వచ్చింది. విషయం విని, నిలబడ్డచోటే కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. “ఆ ఒక్క పదం తీసేసి, మిగతావి మీరు దిద్దేస్తే ఎవరికి తెలుస్తుందండీ?”

బాబాయి నాలుగు పేజీలు అప్పుడే దిద్దేశాడు. ఇంకో పది నిమిషాలైతే ఆ పేజీలు మనవే అని ఆయనే ప్రమాణం చేసేంత శుభ్రమయ్యేవి. ఇన్నాళ్లూ తప్పులు దిద్దానని గొప్పలు పోయిన చెయ్యి ఇవాళ దొంగసరుకుకు మెరుగు పెట్టింది.

“ఇందులో మూడు వందల నలభై మంది రోగులున్నారు మేడం,” అన్నాడు. “మన దగ్గరున్నది రెండు వందల పన్నెండు. రేపు దాతలొచ్చి తలుపులు లెక్కపెడితే, మిగతా గడపలు ఎక్కణ్నుంచి తెస్తాం?”

మేడం తల దించుకుంది. “తీసేయండి.”

తరువాతి మూడు గంటలూ ఎవరూ కుర్చీలో కుదురుగా లేరు. ఫిజియో రాకపోకల రిజిస్టరు తెరిచి చెబుతుంటే అన్న కూతురు టైపు చేసింది. ఎవరు మొదటిసారి గ్లాసు పట్టుకున్నారో, ఎవరు గుమ్మం దాకా నడిచారో. అయిదు పేజీలు మూడయ్యాయి. బాబాయి ఒక్కో పేజీ బయటికి రాగానే లాక్కుని చదివాడు. నాలుగూ యాభై ఒకటికి ఆమె పంపే బటన్ నొక్కింది.

“నన్ను తిట్టవా బాబాయ్?”

“తిట్టడానికి నోరు రావాలిగా.”

తీసేసిన పేజీలు బల్ల మీదే ఉన్నాయి. బాబాయి వాటిని మరోసారి చదివాడు. దిద్దిన నాలుగింటిలో ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేదు. ఎంత బాగా దిద్దాడో చూసుకుని, అడ్డంగా చించేశాడు.