ఒక వారం తగ్గించుకున్న జవాబు

ఆ మంగళవారం మధ్యాహ్నం నేను ల్యాబ్ బయటి మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా ఫోన్ మోగింది. బెంగళూరులోని ఒక మందుల కంపెనీ కోసం మనుషులను ఎంపిక చేసే రిక్రూటర్ ఆమె. రెండు వారాల క్రితం ఫోన్‌లోనే నాకు ఇంటర్వ్యూ ఏర్పాటు చేసింది ఆమే.

“కంగ్రాట్స్ అండి, మీరు సెలెక్ట్ అయ్యారు. వచ్చే సోమవారం బెంగళూరులో జాయిన్ అవ్వాలి.”

“సోమవారమా మేడమ్? ఇంక ఆరు దినాలే ఉన్నయి.”

“ప్రాజెక్ట్ అర్జెంట్ అండి. రేపు సాయంత్రం ఆరులోపు మెయిల్‌లో కన్ఫర్మ్ చేయండి. మీతో ఇంటర్వ్యూ ఇచ్చిన ఇంకొకరు సోమవారానికి రెడీ అన్నారు. మీ ఇష్టం మరి.”

ఆ ఇంకొకరు ఎవరో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అడగవలసిన అవసరం లేదనుకున్నాను. ఆ ఉద్యోగ ప్రకటనను నాకు చూపించినవాడు, నాతో కలిసి దరఖాస్తు పెట్టినవాడు నా పక్క బల్ల మీదనే పని చేసేవాడు. శామీర్‌పేట దగ్గరి ఆ కంపెనీలో మా ఇద్దరిదీ ఒకే పని. మాత్రల నమూనాలను పరీక్షించి, ఫలితాలను నోట్‌బుక్కులో రాసి సంతకం చేయడం. అతని తల్లిదండ్రులు కోస్తా నుంచి వచ్చి మేడ్చల్‌లో ఒక కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. తండ్రి బ్యాంకులో పని చేసి రిటైరయ్యాడు. బెంగళూరులో బాబాయి ఉన్నాడు. అతనికి ఆరు రోజులు ఎందుకు, ఆరు గంటలు చాలు. అన్నం తినకుండానే డబ్బా మూత పెట్టేశాను.

నాకు కావలసిన సమయానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, మా కంపెనీలో పదిహేను రోజుల ముందు రాజీనామా ఇవ్వాలి. నోట్‌బుక్కులు అప్పగించి, యంత్రాల మీద నా పేరుతో ఉన్న లాగిన్లు మూయించుకుంటే తప్ప రిలీవింగ్ లెటర్ ఇవ్వరు. రెండవది మా ఇంటిది. మాది చెరువు మీద బతికే కుటుంబం. చెరువులో నీళ్లు తగ్గిన తరువాత మత్స్య సంఘం ఒక ఆదివారం పెద్ద వల దింపుతుంది. సభ్యత్వం ఉన్న ప్రతి ఇంటి తరఫున తాడు పట్టడానికి ఒక మనిషి నిలబడాలి. మనిషి నిలబడని ఇంటికి ఆ రోజు చేపల్లో పాలు, అంటే వాటా, లేదు. కిందటేడు ఆ తాడు దగ్గరే నాయిన కుడి భుజం జారింది. అప్పటి నుంచి ఆ చేయి తల దాటి లేవదు. ఈసారి నిలబడవలసింది నేనే. వల ఆదివారం ఇంకా దాదాపు నాలుగు వారాల దూరంలో ఉంది.

సాయంత్రం ఇంట్లో కూర్చుని జవాబు రాశాను. నేను నేర్చుకున్న ఇంగ్లిషులో ఉత్తరం అంటే ఒకటే, బడిలో నేర్పిన సెలవు చీటీ. అందుకే ఆ రిక్రూటర్‌కు కూడా సవినయంగా విన్నవించుకున్నాను. నాయిన భుజం గురించి ఒక పేరా, వల గురించి ఒక పేరా, దయచేసి మన్నించమని చివర ఒక వాక్యం. మా ఇంట్లో దాన్ని చదివి బాగుందో లేదో చెప్పగలిగినవారు లేరు.

“అయిందా రాసుడు?” అంది అమ్మ.

“అయింది. మంచిగున్నదో లేదో ఎరుక లేదు.”

“గంత పెద్దగ రాస్తే మంచిగనే ఉంటది తియ్,” అన్నాడు నాయిన.

బుధవారం పక్క బల్ల మిత్రుడికి ల్యాబ్‌లో సెలవు. మధ్యాహ్నం షిఫ్టు దిగి మేడ్చల్ బస్సు ఎక్కాను. సలహా కోసం వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అతని పెట్టె సర్దడం అయిందో లేదో చూడడానికి వెళ్లాను. డిపో దాటి కాలనీలోకి నడుస్తున్నంతసేపూ, తెరిచిన సూట్‌కేసు, మడతపెట్టిన చొక్కాలు, వాటి పక్కన కూర్చున్న అతని తల్లి నాకు కనిపిస్తూనే ఉన్నారు.

సూట్‌కేసు లేదు. అతను లుంగీతో సోఫాలో పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి కూర్చున్నాడు.

“రారా రా! నువ్వు సోమవారం పోతున్నావంటగా? నాకు ఒక్క మాటైనా చెప్పలేదేంట్రా?”

“నేనా? ఎవరన్నరు?”

“ఆ రిక్రూటరే. ఇంకొకరు సోమవారానికి రెడీ అంది. నువ్వు కాక ఇంకెవడున్నాడు?”

“నాతోని గూడ గదే అన్నది. నువ్వే అనుకున్న.”

అతను పెద్దగా నవ్వాడు. “నాన్నా, విన్నారా? మా ఇద్దర్నీ ఒకళ్లని చూపించి ఒకళ్లని తోలుతోంది!”

వాళ్ల నాన్నగారు లోపలి నుంచి కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చారు. “వాళ్ల పని అది. ఖాళీలు తొందరగా నింపితే వాళ్లకి పేరు. నువ్వేం రాశావు బాబూ, చూపించు.”

ఫోన్ ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు.

“ఇదేంటయ్యా, ఉద్యోగం ఒప్పుకుంటున్నావా, సెలవు అడుగుతున్నావా?”

మిత్రుడు దిండు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి. ఆయన మాత్రం నవ్వలేదు.

“మీ నాన్నగారి భుజం సంగతి ఆవిడకెందుకు? ముందు సంతోషం, చేరతాను అని చెప్పు. నోటీసు పదిహేను రోజులని చెప్పు. ఫలానా తేదీన చేరతానని చెప్పు. ఈలోగా సర్టిఫికెట్లు, వైద్య పరీక్షలు లాంటివి ఇక్కడి నుంచే పూర్తి చేస్తానను. అక్కడితో ఆపు.”

“ఒద్దంటే సార్?”

“వద్దంటే ఇంకేదైనా దగ్గర తేదీ చెప్తారు. మాట్లాడుకోవచ్చు. అడిగినందుకే ఉద్యోగం పోదు. ఇంకోటి, ఆఫర్ లెటర్ మెయిల్‌లో వచ్చేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వకు. రిలీవింగ్ లెటర్ తర్వాత ఇవ్వొచ్చని ఫోన్‌లో అంటే, అదీ రాతలో ఇమ్మను.”

మిత్రుడు అప్పటికే నాలుగు వారాలు అడుగుతూ మెయిల్ పంపేశాడు. ఎందుకు నాలుగు అని అడిగితే భుజాలు ఎగరేశాడు. “ఏం లేదురా. నాన్న నాలుగడగమన్నారు. వెళ్లే ముందు ఓ వారం పడుకుంటా.”

ఆయన అక్కడే కూర్చుని, కొడుకు వెనక సోఫా మీద చేయి వేసి, నా ఉత్తరాన్ని ఐదు వాక్యాలకు దించారు. తేదీ దగ్గర ఆగి నన్ను చూశారు. వల ఆదివారం మరుసటి సోమవారం చెప్పాను. అంటే మిత్రుడి తేదీనే. ఆయన తల ఊపి అదే రాశారు.

నాకు కృతజ్ఞత కలిగి ఉండాలి. కలిగింది కూడా. కాని దానికంటే ముందు కలిగినది వేరు. సూట్‌కేసును చూసి అసూయపడడానికి సిద్ధపడి వెళ్లినవాణ్ణి, కొడుకు వెనక ఉన్న ఆ చేతిని చూసి అసూయపడ్డాను. ఒక తండ్రి ఒక మెయిల్ చదివి ఇందులో ఈ మాట తీసెయ్ అని చెప్పగలగడం, కొడుకు దాన్ని వినీ వినకుండా ఫోన్‌లో ఆట ఆడుకోవడం. పడుకోవడానికి ఒక వారం అడగవచ్చునని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నాకు వల ఉంది, జారిన భుజం ఉంది, అయినా అడగడం రాక సెలవు చీటీ రాశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివాను. ఇద్దరమూ ఒకే తేదీ అడిగితే ఆ కంపెనీవారికి మేమిద్దరం ఒకటే. నేను తక్కువ అడిగితే? నా వైపు మొగ్గుతారు. అతని కంటే ముందు చేరతాను. ఒక్కసారైనా అతని కంటే ముందు ఉంటాను. ఆరు గంటలకు ఇంకా పది నిమిషాలు ఉండగా, శామీర్‌పేటలో దిగకముందే, ఆయన రాసిన తేదీని చెరిపి దానికి వారం ముందున్న సోమవారం పెట్టి పంపించాను. ఎవరూ నన్ను తగ్గించమనలేదు.

గురువారం రిక్రూటర్ ఫోన్ చేసింది. “మేనేజర్‌తో మాట్లాడానండి. మీరు పెట్టిన డేట్ ఓకే. ఆఫర్ లెటర్ ఇవాళే వస్తుంది.” ఆమె గొంతులో మంగళవారపు తొందర ఏమీ లేదు. ఆఫర్ లెటర్ వచ్చిన తరువాతనే రాజీనామా ఇచ్చాను. పక్క బల్ల దగ్గర మిత్రుడు గ్లవుజులు తీస్తూ అన్నాడు.

“నాకూ ఓకే అన్నార్రా. నాలుగు వారాలు. ఇద్దరం ఒకే బస్సులో పోదాం.”

“నాది మూడే.”

“అదేంటి? ఆ ఆదివారం మీ వల కదరా?”

“వాళ్లే తగ్గియ్యమన్నరు,” అన్నాను. అబద్ధం నా నోటి నుంచి చక్కగా, ఆలోచించి కట్టిన వాక్యంలా వచ్చింది.

“నాన్నతో ఇంకో మెయిల్ రాయిద్దామా? ఒక్క వారమేగా, ఒప్పుకుంటారు.”

“ఒద్దు. అయిపోయింది తియ్.”

ఇంట్లోనూ అదే చెప్పాను. “మరి మన ఇంటి దిక్కు ఎవరు నిల్సుంటరు బిడ్డా?” అంది అమ్మ. నాయిన కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, “నౌకరి పెద్దదా, వల పెద్దదా? నేను నిల్సుంట. ఒంటి చేత్తోనన్న పట్టుకుంట,” అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పి, సిగ్గు విడిచి ఇంకొక మెయిల్ రాయవచ్చు. రాయలేదు. రాస్తే నేనూ, అతనూ మళ్లీ ఒకే తేదీకి వస్తాం.

బెంగళూరులో మొదటి వారం నేను ఒక్కడినే. అతని కంటే ముందు చేరావని ఎవరూ మెచ్చుకోలేదు. చేరిన వారమంతా శిక్షణ గదిలో కూర్చోబెట్టారు. మిత్రుడి బల్లను అతని కోసం ఖాళీగా ఉంచారు. వల ఆదివారం పొద్దున్నుంచి నాయిన భుజమే గుర్తుకు వస్తూ ఉంది. రెండుసార్లు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం అమ్మ చేసింది.

“మనకు పాలొచ్చింది బిడ్డా. బొచ్చె చేపలు మస్తు పడ్డయి.”

“నాయిన భుజం?”

“నాయిన తాడు పట్టనే లేదు. నీ దోస్తు వొచ్చిండు గదా! తెల్లారకముందే బండేసుకొని వొచ్చిండు. నేను నిల్సుంట అన్నడు. సంఘమోల్లు ఎవ్వరు నువ్వంటే, మా ఇంటి పోరడే అన్నడు మీ నాయిన.”

నేను గోడకు ఆనుకున్నాను. అమ్మ ఇంకా చెబుతూనే ఉంది. అతనికి తాడు పట్టడం రాక బురదలో రెండుసార్లు పడ్డాడట. “బ్యాంకోల్ల పిల్లగాడు, ఎట్ల లాగుతడురా!” అని అందరూ నవ్వారట. నాయిన పక్కనే నిలబడి, కాలు ఎక్కడ ఆనించాలో, తాడును చేతికి ఎట్లా చుట్టుకోవాలో చెబుతూ వచ్చాడట. నాకెప్పుడూ అంత వివరంగా చెప్పలేదు. చెప్పనవసరం లేదని అనుకుని ఉంటాడు.

సోమవారం ఉదయం రాత్రి బస్సు దిగి మిత్రుడు నేరుగా నా గదికి వచ్చాడు. అమ్మ వేయించి ఇచ్చిన చేప ముక్కల డబ్బా ముందు నా చేతిలో పెట్టాడు.

“మీ నాన్న భలే మనిషిరా. ఒక్క మాట విసుక్కోలేదు. మా నాన్నయితే ఈపాటికి వంద తప్పులు తీసేవాడు.”

“ఆ తేదీ వాళ్లు తగ్గియ్యలే. నేనే తగ్గించుకున్న,” అన్నాను.

అతను భుజం మీది బ్యాగు దించాడు. ఎందుకని అడుగుతాడేమో, ఏం చెప్పాలా అనుకుంటూ ఉన్నాను. “పిచ్చోడివిరా నువ్వు,” అని, స్నానానికి నీళ్లు ఎక్కడో చూపించమన్నాడు.

తువ్వాలు అందుకోవడానికి చేయి చాచినప్పుడు చూశాను. కుడి అరచేతికి అడ్డంగా, బొటనవేలి మొదలు నుంచి చిటికెనవేలి కింది వరకు, తాడు ఒరుసుకుపోయిన ఎర్రటి గీత. అంచుల్లో తోలు లేచింది. అది నా చేతికి ఉండవలసిన గీత. తువ్వాలు ఇచ్చి, అతను తలుపు వేసుకునేదాకా ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను.