ఒక్క వాక్యంలో తప్పిపోయిన స్కాలర్‌షిప్

ఆదోనిలో నేను కామర్స్ చెప్పే డిగ్రీ కాలేజీలో నోటీసులు రాసే పని నాదే. పెద్ద కాగితాన్ని చిన్నది చేయడం నాకు బాగా వచ్చని అందరూ అనేవారు. నేనూ నమ్మేదాన్ని.

ఆ ఏడాది ఒక ట్రస్టు నుంచి స్కాలర్‌షిప్ ప్రకటన వచ్చింది. పదకొండు పేజీలు, అంతా ఇంగ్లీషు. ప్రిన్సిపాల్ గారు దాన్ని నా చేతిలో పెట్టి, "బోర్డు మీద ఒక్క పేజీ చాలమ్మా. ఎవరు అర్హులు, ఏం కాగితాలు కావాలి, ఎప్పటిలోగా. అంతే" అన్నారు. లంచ్‌లోనే కూర్చుని తెలుగులో రాసేశాను. అర్హతల కింద చివరి వాక్యం: "ఇతర స్కాలర్‌షిప్ పొందుతున్నవారు అనర్హులు." రెండో పేజీలో సరిగ్గా అదే ఉంది. మధ్యాహ్నం బోర్డుకు పిన్ను గుచ్చి, ఇంత తేటగా ఎవరు రాస్తారులే అనుకుంటూ క్లాసుకు వెళ్లిపోయాను.

వారం గడిచింది. బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలని ఒక్కరు కూడా ఆఫీసుకు రాలేదు. పిల్లలకు పట్టింపు లేదని స్టాఫ్ రూములో విసుక్కున్నాను కూడా.

మరుసటి రోజు ఉదయం నేనుండే ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కితే, నా రెండో ఏడాది విద్యార్థిని ఒకామె పక్కన కూర్చుంది. గోనెగండ్ల నుంచి రోజూ వస్తుంది. అమ్మానాన్నలు కూలికి పోతారు. క్లాసులో మొదటి ఇద్దరిలో ఉంటుంది.

"స్కాలర్‌షిప్‌కు ఎందుకు పెట్టలేదమ్మా నువ్వు?"

"బోర్డు సూసినా మేడమ్. నాకు రాదని రాసినారు గదా."

"ఎక్కడ రాశాను?"

"వేరే స్కాలర్‌షిప్ ఉంటే పనికిరాదని. మాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తాంది గదా మేడమ్. మా క్లాసులో అందరం అట్లే అనుకున్న్యాం."

ఫోనులో ట్రస్టు వెబ్‌సైటు నుంచి ఆ ప్రకటన తెరిచి, కుదుపుల్లోనే ఒక్కో పేజీ జరుపుతూ పోయాను. తొమ్మిదో పేజీలో, చిన్న అక్షరాల వివరణల్లో దొరికింది. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను ఇతర స్కాలర్‌షిప్‌గా లెక్కించరు. అంటే మా కాలేజీలో ఎవరి కోసం ఆ కాగితం పెట్టానో, దాదాపు వాళ్లందరినీ నా వాక్యమే గుమ్మం దగ్గర ఆపేసింది. ఆ అమ్మాయికి ఫోను చూపించి, "తప్పు నాదేనమ్మా. నువ్వు పెట్టొచ్చు" అన్నాను.

"అయితే ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు ఈ పొద్దే ఇంటికి ఫోన్ చేస్తా మేడమ్. మా నాయన ఊర్లో సచివాలయానికి పోతాడు."

కాలేజీ చేరగానే ప్రిన్సిపాల్ గారికి విషయం చెప్పాను. "పాతది తీసేసి కొత్తది పెట్టండి. తప్పు రాశామని ఊరంతా చెప్పాలా?" అన్నారు.

"చెప్పాలి సార్. ఒకసారి చదివి వదిలేసినవాళ్లు మళ్లీ బోర్డు వైపు చూడరు."

ఆయన సరేనన్నారు.

ఈసారి కాగితం పై భాగంలోనే "సవరించిన నోటీసు" అని పెద్దగా రాశాను. "ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్నవారూ అర్హులే" అన్నది మొదటి వాక్యం. కాగితాల దగ్గర కూడా పొడి మాటలు తీసేశాను. ఆదాయ సర్టిఫికెట్ ఈ ఏడాది తీసుకున్నదై ఉండాలి, బ్యాంకు పుస్తకం విద్యార్థి పేరు మీదే ఉండాలి అని విప్పి రాశాను. ప్రకటనలో చివరి తేదీలు రెండున్నాయి. ఒకటి విద్యార్థి ఆన్‌లైన్‌లో పెట్టడానికి, దాని తర్వాతది కాలేజీ పరిశీలించి పంపడానికి. బోర్డు మీద మొదటిదే ఉంచాను. రెండూ కనిపిస్తే పిల్లలు రెండోదే పట్టుకుంటారు.

పిన్ను గుచ్చే ముందు బస్సులో కలిసిన అమ్మాయిని పిలిచి పైకి చదవమన్నాను. చదివి, "బోనఫైడ్ యాడ ఇస్తారో రాయల్యా మేడమ్" అంది. అదీ చేర్చాను. తర్వాత ప్రతి క్లాసుకూ వెళ్లి, మొదటి నోటీసులో నేను తప్పు రాశానని చెప్పి, కొత్తది చదివి వినిపించాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు, పెన్నులు తీశారు.

సాయంత్రానికి ఆఫీసు ముందు వరుస కట్టారు. ఆస్పరి నుంచి వచ్చే ఒకతనికి మాత్రం సొంత ఖాతా తెరిచేసరికి గడువు దాటింది. ఆ వారం ముందే తెలిసి ఉంటే అతనికీ గడువు అందేది. అది నా లెక్కలోనే ఉంది, దాచుకోను. మిగతావాళ్ల దరఖాస్తులు సమయానికి వెళ్లాయి. నాలుగు నెలలకు ఎంపికైనవారి జాబితా వచ్చింది. గోనెగండ్ల అమ్మాయితో పాటు మా పిల్లలు మరో ఇద్దరున్నారు.

నోటీసులు ఇప్పటికీ నేనే రాస్తున్నాను, బాగానే రాస్తున్నాను. కాకపోతే చివరి పేజీ దాకా చదివాకే పెన్ను తీస్తాను. రాసింది ముందుగా ఒక విద్యార్థికి చదివి వినిపించనిదే బోర్డు దగ్గరికి వెళ్లను.