ఎక్స్‌రేలో కనబడని గీత

మా ఊళ్లో ఎక్స్‌రే ఫిల్ము ఎవరి చేతికొచ్చినా ముందు సూర్యుడికి ఎదురుగా పట్టుకుంటారు. డాక్టరు ఏం చెప్పాడన్నది తర్వాతి సంగతి. పొలం నుంచి వచ్చేవాడు, పాలు పోసి వెళ్లేవాడు, పనీపాటా లేక వీధి అరుగు మీద కూచున్నవాడు, అందరూ ఓ కన్ను మూసి చూసి తీర్పు చెప్పేస్తారు. నా మేనకోడలి పాదం ఫిల్మును అలా ఆకాశంలోకి ఎత్తి పట్టింది నేనే. ఎముక నిక్షేపంలా ఉంది అన్నదీ నేనే. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండుతుంది.

పదిహేడేళ్లు సైన్యంలో చేసి హవల్దారుగా దిగిపోయి వచ్చాను. కళింగపట్నానికి నాలుగు కిలోమీటర్ల ఇవతల మా ఊరు. ఎకరన్నర వరి, మిగతా మెట్ట మీద వేరుశనగ. పొద్దున్నే సముద్రపొడ్డున పోలీసు ఉద్యోగాలకీ, ఆర్మీకీ వెళ్లాలనుకునే పిల్లల చేత పరిగెత్తించేవాణ్ణి. ఫీజు లేదు. నోరు మాత్రం ఉంది. నా నోటికి భయపడి మానేసినవాళ్లని మెత్తటి సరుకు అని పక్కన పెట్టేవాణ్ణి.

మా అక్క కూతురు రెండేళ్లు శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి పుస్తకాల ముందు కూచుంది. కానిస్టేబుల్ ప్రిలిమ్స్ గట్టెక్కింది. ఇక పరుగు ఉంది. పదహారు వందల మీటర్లు టైములో పూర్తి చేస్తేనే తర్వాతి పరీక్షకి పిలుస్తారు. వయసు లెక్కన ఆమెకి అదే ఆఖరి నోటిఫికేషను. బావ చెన్నైలో సెంట్రింగు పనికి వెళ్లి నడుం పోగొట్టుకుని వచ్చాడు, ఇంటికి ఆ పిల్ల ఉద్యోగమే దిక్కు. పరుగుకి ఐదు వారాలుందనగా అక్క ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చి, నీ చేతుల్లో పెడతన్నాను తమ్ముడూ అంది.

రెండేళ్లు కుర్చీ దిగని పిల్ల. ముందు నడిపించాలి, తర్వాత మెల్లగా పరుగులో పెట్టాలి. అది నాకు తెలుసు. తెలిసీ మొదటి వారం నుంచే పూటకి మూడు కిలోమీటర్లు పెట్టాను, పొద్దున ఇసకలో వట్టి కాళ్లతో, సాయంత్రం తారు రోడ్డు మీద. ఒళ్లు తేలికపడాలని రాత్రి అన్నం మానిపించాను. ఆమె మాట వినే పిల్ల. నాకు అదే నచ్చింది.

మూడో వారంలో ఓ సాయంత్రం ఆమె ఎడమ బూటు తాడు వదులుగా కట్టుకోవడం చూశాను. బిగించు అన్నాను. బిగించింది, పెదవి కొరుక్కుంది. మర్నాడు పొద్దున ఇసకలో ఆమె వెనకాల నడుస్తూ పాదాల ముద్రలు చూశాను. కుడి ముద్ర నిండుగా ఉంది. ఎడమ ముద్రలో మడమా, బయటి అంచూ మాత్రమే లోతుగా పడ్డాయి, వేళ్ల వైపు ఇసక నలగనే లేదు. అల వచ్చి ముద్రలన్నీ చెరిపేసింది. నేనూ చూడనట్టే ఊరుకున్నాను.

ఎందుకు కుంటుతున్నావని అక్క అడిగితే ఆమె అప్పుడు చెప్పింది. వారం నుంచీ నొప్పట. పరిగెడితే వస్తుంది, కూచుంటే పోతుంది, ఇప్పుడు నడిచినా వస్తోంది అంది. పాదం పైభాగం కొద్దిగా ఉబ్బింది. అక్క ఊళ్లో కాళ్లూ చేతులూ పట్టే ముసలామెను పిలిపించింది. ముసలామె నువ్వుల నూనె వేడి చేసి, నరం మడతపడిందని బొటనవేలితో వేళ్ల పైనుంచి గట్టిగా తోముతూ వెళ్లింది. ఒక చోట పిల్ల చున్నీ నోట్లో కుక్కుకుంది. ముసలామె చెయ్యి ఆపేసింది. మరి పట్టను, ఆస్పత్రికి తీసుకెళ్లండి అని నూనె గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. అంత అనుభవం ఉన్న మనిషి వెనక్కి తగ్గడం నేనెప్పుడూ చూడలేదు.

శ్రీకాకుళంలో డాక్టరమ్మ పెద్దగా ఏమీ అడగకుండానే పిల్ల పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుంది. ఒకే ఒక్క వేలితో ఒక్కో ఎముకా నొక్కుకుంటూ వచ్చింది. బొటనవేలి పక్క వేలి వెనకాల, పాదం మధ్యకు కాస్త ముందు, ఆ వేలు ఆగిన చోట పిల్ల కుర్చీలోంచి లేచిపోయింది. అలా నొక్కే వేలిని నేను ముందే చూశాను. ట్రైనింగులో బరువు సంచితో ఎన్నో మైళ్లు నడిపించిన తర్వాత మా మెడికల్ ఆఫీసరు ఒక కుర్రాణ్ణి అలాగే నొక్కాడు, వాడూ అలాగే లేచాడు. మార్చ్ ఫ్రాక్చర్, అంటే నడిచి నడిచి ఎముకలో పడ్డ సన్నటి చీలిక, అని రాసి వాణ్ణి వెనక బ్యాచికి పంపేశారు. ఆ రోజు నా పాదంలోనూ నొప్పి ఉంది. నేను దాచుకున్నాను, పళ్లు బిగించి నడిచాను, పాసయ్యాను. జీవితమంతా దాన్నే మగతనం అనుకున్నాను.

ఎక్స్‌రేలో ఏమీ లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. డాక్టరమ్మ పీల్చుకోలేదు. మొదట్లో ఈ చీలిక ఫిల్ములో కనబడదని, రెండు మూడు వారాలకి ఎముక అతుక్కోవడం మొదలైనప్పుడే తెలుస్తుందని, అనుమానం ఉన్నప్పుడు ఉన్నట్టే చూడాలని చెప్పింది. పరుగు బంద్, గెంతడం బంద్, అడుగు వంగని గట్టి చెప్పు వేసుకోవాలి, కనీసం ఆరు వారాలు. నొప్పి బిళ్లలు మింగి పరిగెత్తకూడదు. తర్వాత పిల్లను, నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగింది. పిల్ల నా వైపు చూసి, తల వంచుకుని, బాగానే వస్తోంది అంది. ఆడపిల్లను ఆ మాట అడుగుతుంటే నేను బయటికి పోవాలని కూడా నాకు తోచలేదు. నాలుగు నెలలుగా, హాస్టల్లో అరకొరగా తింటున్నప్పటి నుంచీ, రావడం లేదని ఆమె తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. తిండి చాలకపోతే ముందు నెలసరి పోతుందని, ఎముక కూడా బలహీనపడుతుందని నాకు చాలా తర్వాత తెలిసింది.

పిల్ల బిళ్లలు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ, ఆరు వారాలు పరిగెత్తకూడదని నాకో కాగితం రాసి ఇచ్చింది.

"ఇది పోలీసు బోర్డు వాళ్లకి పెట్టండి. తేదీ మారుస్తారో లేదో నేను చెప్పలేను. కానీ అడగండి. ఇలాగే పరిగెత్తిస్తే ఎముక పూర్తిగా విరగొచ్చు."

నేను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. ఆస్పత్రి మెట్లు దిగేలోపే నా మనసు నిర్ణయించేసుకుంది. కాగితం పట్టుకుని గేటు దగ్గర నిలబడి బతిమాలడం నా వల్ల కాదు. నా దగ్గర నేర్చుకున్న పిల్ల కుంటిసాకు చెప్పిందని నలుగురూ అనుకోవడం అంతకంటే నా వల్ల కాదు. పరువు అనే దరిద్రం అలా పట్టుకుంటుంది మనిషిని.

ఊళ్లో ఫిల్ము సూర్యుడికెత్తాను. చుట్టూ చేరినవాళ్లంతా చూశారు. ఎముకలన్నీ తెల్లగా, వరసగా ఉన్నాయి. డాక్టర్లు అన్నీ పెద్దవి చేసి చెబుతారని ఒకరన్నారు. నేనూ ఔనన్నాను, ఆరు వారాలన్నది ఉత్త జాగ్రత్త మాటేనని పిల్లకీ నచ్చజెప్పాను.

ఎనిమిది రోజులు విశ్రాంతి ఇచ్చాను. అంత ఇచ్చినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. వాపు తగ్గింది. తొమ్మిదో రోజు ఎడమ కాలి మీద గెంతమన్నాను. ఆమె మూడుసార్లు గెంతి నవ్వింది. నవ్వుతున్న మొహం మీద, పొద్దుటి చల్లగాలిలో, చెమట బొట్లు లేచాయి. అవి చూసి కూడా బూట్లు తెచ్చుకో అన్నాను. ఆ తర్వాత నాలుగు రోజులు పరిగెత్తింది. పొడి ఇసకలో పరిగెత్తించాను, ముద్రలు సరిగా పడవు కాబట్టి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే.

విజయనగరంలో గ్రౌండు. తెల్లవారకముందే బస్సెక్కి ఏడింటికి గేటు దగ్గరున్నాం. వందలమంది ఆడపిల్లలు, చేతుల్లో ఫైళ్లు. తోడొచ్చినవాళ్లని లోపలికి రానివ్వరు. ఆమె చెప్పులు విప్పి బూట్లు వేసుకుంటూ తాడు కట్టడం ఆపి నా వైపు చూసింది.

"మావా, నిజింగా ఏటీ లేదు కదా?"

కాగితం ఇంట్లో, ఆస్పత్రికి వేసుకెళ్లిన చొక్కా జేబులో ఉంది. చెప్పడానికి అదే ఆఖరి సమయం.

"ఫిల్ములో ఏటైనా ఉంటే కదే. పో, నవ్వుతూ పరిగెట్టు," అన్నాను. నొప్పి బిళ్ల కూడా నేనే చేతిలో పెట్టాను.

గోడ పక్కన రాయి ఎక్కి చూశాను. నాలుగు చుట్లు తిరగాలి. మొదటి చుట్టు బాగా వేసింది. రెండో చుట్టులో ముందున్న పదిమందిలో ఉంది. నా పక్కనున్న ఎవరో తండ్రికి, అది మా పిల్లే అని చెప్పుకున్నాను. మూడో చుట్టులో మలుపు తిరుగుతుంటే ఆమె ఎడమ పాదం బయటికి తిరగడం మొదలెట్టింది. సముద్రపొడ్డున చూసిన ముద్ర నా కళ్ల ముందుకొచ్చింది. ఆగు అని అరవాలి. నేను చప్పట్లు కొట్టాను. ఇంకో పది అడుగులు వేసి, ఎవరో కాలు పట్టి లాగినట్టు ముందుకు పడిపోయింది. వెనక వస్తున్న పిల్లలు ఆమెను తప్పించుకుని పరిగెత్తుకుంటూ వెళ్లిపోయారు. ఆమె మోచేతుల మీద లేచి గీత వైపు పాకబోయింది. ఇద్దరు పోలీసులు వచ్చి ఎత్తుకెళ్లారు.

సాయంత్రం శ్రీకాకుళంలో అదే డాక్టరమ్మ పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ వెలుగు పెట్టె మీద పక్కపక్కన పెట్టింది. కొత్తదాంట్లో రెండో వేలి వెనకాలి ఎముక అడ్డంగా విరిగి ముక్క పక్కకి జరిగి ఉంది. విరుపు చుట్టూ పల్చగా మబ్బులాంటి తెల్లటి మచ్చ ఉంది. అది ఈ రోజుది కాదని, పాత చీలిక అతుక్కోవడానికి ఎముక వేసుకున్న కొత్త పొర అని ఆమె చెప్పింది. అంటే పిల్ల ఎముక తన పని తాను చేసుకుంటూనే ఉంది, మధ్యలో నేనే చెడగొట్టాను.

ఆపరేషను చేసి, విరిగిన ఎముక కదలకుండా లోపల తీగ వేశారు. ఇంటికొచ్చిన నాలుగో రోజు మా అక్క నా చొక్కాలు ఉతకడానికి తీసుకెళ్లింది. కాసేపటికి తడి చేతుల్తో కాగితం పట్టుకుని వచ్చింది. అక్కకి చదువు రాదు, కూతురి చేతికిచ్చింది. పిల్ల మంచం మీద కాలు దిండు మీద పెట్టుకుని ఉంది. కాగితం రెండుసార్లు చదివింది. తేదీ దగ్గర వేలు పెట్టి, పరుగుకి ఎన్ని రోజులు ముందో లోపల లెక్కేసుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. నేను గుమ్మంలో నిలబడి, మా ట్రైనింగులో నాకూ నొప్పొచ్చిందని, నేనూ అలాగే పరిగెత్తానని ఏదో చెప్పబోయాను.

ఆమె గొంతు పెంచలేదు.

"నీ పాదం నువ్వు దాసుకున్నావు మావా, అది నీ ఇష్టం. నా పాదం కూడా నువ్వే దాసీసినావు."

కాగితాన్ని మళ్లీ అవే నాలుగు మడతల్లో మడిచి, ఎక్స్‌రే కవరులో మొదటి ఫిల్ము పక్కన పెట్టింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.