ఫోన్లో పడని వికెట్

మరమగ్గాల షెడ్డు బయట కూర్చొని, ఫోన్లో క్రికెట్ మ్యాచ్ చూస్తూ మా బావ వారం కూలంతా పందెం పెట్టబోయాడు. యాప్‌లో కాసేపు ఆగిన బెట్టింగ్ మళ్లీ తెరుచుకునేసరికి మా జట్టు గెలిస్తే ఇచ్చే రేటు బాగా పెరిగింది.

“గింత రేటు మళ్ల రాదు. మనోడింకా ఆడుతనే ఉన్నడు.”

“నీ ఫోన్లనే ఆడుతుండు బావా. ఎదురుగ హోటల్ల టీవీ జూసెటోళ్లు అప్పుడే తలలు పట్టుకున్నరు.”

వీడియో మాకు ఆలస్యంగా వస్తుంది. రేటు పెట్టేవాళ్లకు మైదానం వార్త ముందే అందుతుంది; వికెట్ పడగానే ఆపి, రేటు మార్చి తెరుస్తారు. బావ నమ్మలేదు. నేను ఫోన్ లాక్కొని వదల్లేదు. కాసేపటికి అందులోనూ వికెట్ పడింది.

“ఇంకా మంచి ఫోన్ కొంటే?”

“అండ్ల గూడ జర లేటుగనే అవుటయితడు.”

బావ యాప్ తీసేసి, కూలి అక్క చేతికిచ్చాడు.