సార్‌ను ఆపిన తప్పులు

మా ఇంగ్లీషు సార్‌ను వెళ్ళిపోకుండా ఆపాలన్న ఆలోచన నాదే. తర్వాత రోజుల్లో క్లాసులో ఎవరెవరో అది తమదని చెప్పుకున్నారు. నేను ఒప్పుకోను. అల్లరి చేసినప్పుడు తిట్లు నాకు, పేరు వాళ్ళకా?

భద్రాచలం దాటాక అడవి అంచున ఉండేది మా జూనియర్ కాలేజీ. ఇంగ్లీషు లెక్చరర్ పోస్టు ఎప్పుడూ ఖాళీయే. అక్కడికి ట్రాన్స్‌ఫర్ అని వింటేనే చాలామందికి జ్వరం వచ్చేది. కొందరు ధైర్యం చేసి వస్తే వాళ్ళకు నిజం జ్వరం, మలేరియా వచ్చేది. మా అక్క చదివిన ఏడాది అసలు ఎవరూ రాలేదు. అన్ని సబ్జెక్టులూ పాసై, ఒక్క ఇంగ్లీషులో తప్పి, అక్క ఇంట్లో కూర్చుంది. నన్ను కాలేజీలో చేర్పించేటప్పుడే నాన్న తేల్చి చెప్పాడు: "గిదే ఆఖరు సూడు. నువ్వు గూడ ఇంగ్లీషు తప్పినవనుకో, సదువు ముచ్చట బంద్. అక్కతోటి బీడీల తునికాకు తెంప పోవుడే."

నాకేమో ఖమ్మంలో నర్సు ట్రైనింగ్ చేయాలని ఉండేది. తెల్ల చీర, తెల్ల టోపీ, దవాఖానాలో అందరి మీదా అరిచే అధికారం. ఆ మూడోది నాకు మరీ నచ్చింది. దానికీ నాకూ మధ్య అడ్డుగా నిలబడింది ఇంగ్లీషు ఒక్కటే.

మేం సెకండియర్‌లోకి వచ్చాక మధిర నుంచి కొత్త సార్ వచ్చారు. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం మైకు. మొదటి రోజే మా చేతుల్లో గైడ్లు చూసి, "ఇందులో విమానాలు ఎక్కేవాళ్ళూ, టీ పార్టీలకు పోయేవాళ్ళే ఉన్నారు. మీలో విమానం ఎక్కినవాడెవడర్రా? మూసేయండి" అన్నారు. ఆ రోజు నుంచి ఇంగ్లీషులోకి మా ఊళ్ళు వచ్చాయి. మా కోళ్ళు, మా మిర్చి చేలు, చర్లకు పోయే ఎర్ర బస్సు, అన్నీ వాక్యాల్లో తిరిగేవి. భయం పోయింది. చెప్పాలంటే, ఇంగ్లీషు నవ్వించే భాష అని నాకు తెలిసింది అప్పుడే.

చలికాలంలో ఆయనకు మధిరకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. ఆయనే అడిగి తెచ్చుకున్నారట. ఆఫీసు అటెండర్ ఆ కబురు మాకు బఠానీల్లా పంచాడు. మా ప్రిన్సిపాల్ సివిక్స్ చెప్పే మనిషి, నెమ్మదస్తుడు, కానీ పట్టుకుంటే వదలడు. "పరీక్షలు ముందట వెట్టుకొని పిల్లల్ని నడిమిట్ల ఇడుస్తరా? పోర్షన్ అయినంకనే రిలీవ్ చేస్త. వాళ్ళకు వచ్చిందో లేదో క్లాసుకొచ్చి నేనే సూస్త" అన్నాడట. మా సార్ సరేనన్నారట. ఎందుకనరూ? పోర్షన్లో ఇక మిగిలింది ఒక్క ఎక్సర్‌సైజే: ఫ్యూచర్ కంటిన్యుయస్, ఫ్యూచర్ పర్ఫెక్ట్.

దాన్ని ఆయన ఒక్క గంటలో చెప్పేశారు. బోర్డు మధ్యలో గీత గీసి, "ఇటు గడియారం, అటు గడువు" అన్నారు.

"రేపు ఈ వేళకు ఏం చేస్తూ ఉంటారు? ఆ వేళకు పని నడుస్తూ ఉంటుంది. అట్ దిస్ టైమ్ టుమారో, వి విల్ బీ పికింగ్ చిల్లీస్. మిర్చి ఏరుతూ ఉంటాం. ఇక గడువు. ఆరింటికల్లా, సోమవారం లోపల, బస్సు వచ్చేసరికి. గడువు వచ్చేసరికి పని అయిపోయి ఉండాలి. బై సిక్స్ ఓ క్లాక్, అమ్మ విల్ హావ్ కుక్డ్ ద రైస్. వండేసి ఉంటుంది. బై ద టైమ్ ద బస్ కమ్స్, వి విల్ హావ్ ఈటెన్. ఇదిగో, బై ద టైమ్ తర్వాత బస్సు 'కమ్స్' అనే రావాలి. అక్కడ కూడా 'విల్' పెట్టారో, చెవులు మెలేస్తాను."

ఇందులో కష్టమేముంది? వండుతూ ఉంటుంది, వండేసి ఉంటుంది. మన అమ్మలు రోజూ మాట్లాడే మాటలే కదా. చర్ల దగ్గర కోయగూడెం నుంచి వచ్చే అబ్బాయి ఒకడు ఆఖరి బెంచీలో కూర్చునేవాడు. వాడు అప్పటికప్పుడు లేచి చెప్పాడు: "బై ద టైమ్ ద ఫెస్టివల్ కమ్స్, ద మ్యాంగోస్ విల్ హావ్ రైపెండ్, బట్ వి విల్ నాట్ హావ్ ఈటెన్ దెమ్." వాళ్ళ గూడెంలో పెద్దలు మామిడి పండుగ చేసేదాకా చెట్టు నిండా కాయలున్నా ఎవరూ నోట పెట్టరు. సార్ ఎగిరి గంతేసినంత పని చేశారు. "గైడు రాసినవాడికి కూడా ఇంత మంచి వాక్యం తట్టలేదర్రా!" అని ఆ సంబరంలో రేపే ప్రిన్సిపాల్‌ను పిలుస్తానన్నారు.

ఆ మాట వినగానే నేను లెక్క వేసుకున్నాను. ఈయన పోతే ఇంకొకరు రారు. చదివింది తిరగేసి అడిగేవాళ్ళుండరు. మార్చి నాటికి అంతా మర్చిపోతాం. అక్క పక్కన నా చాప సిద్ధంగా కనిపించింది.

సాయంత్రం హాస్టల్‌కు పోకముందే కాలేజీ బోరింగు దగ్గర అందరినీ పోగేశాను. "సూడుండ్రి, మనకు వచ్చిందంటే సార్ పోతడు. అందుకని మనకు రావొద్దు" అన్నాను.

"వచ్చింది కదనే?" అన్నది నా పక్క బెంచీ పిల్ల, అమాయకంగా.

"వచ్చింది గనకనే రావొద్దంటున్న. గడువు అడిగితె 'విల్ బీ' అనుండ్రి. గడియారం అడిగితె 'విల్ హావ్' అనుండ్రి. ఎవరన్న మంచిగ చెప్పిన్రో, ఊకోను."

చర్ల అబ్బాయి తల గోక్కుంటూ, "సార్ పాపం గాదా?" అన్నాడు. "మరి నేను పాపం గాదా?" అని కసిరాను. నా నోటికి అప్పట్లో ఎదురుండేది కాదు, ఇప్పుడూ అంతే అని మా ఆయన అంటాడు.

మర్నాడు, ప్రిన్సిపాల్‌ను పిలిచే ముందు సార్ ఒకసారి అడిగి చూడబోతే, మొదలైంది మా నాటకం. అమ్మ ఆరింటికల్లా అన్నం 'విల్ బీ కుకింగ్'. రేపు ఈ వేళకు మేం మిర్చి 'విల్ హావ్ పిక్డ్'. సార్ మొదట నవ్వారు, తర్వాత బతిమాలారు, ఆ తర్వాత సుద్దముక్క విసిరారు. "నిన్నటికి నిన్న ఏమైందర్రా మీకు? గాలి సోకిందా?" అన్నారు. మళ్ళీ మొదటినుంచి చెప్పారు. మేం శ్రద్ధగా విన్నాం, శ్రద్ధగా తప్పు చెప్పాం. తప్పు చెప్పాలంటే ముందు ఒప్పేదో మనసులో అనుకుని, దాన్ని తిరగేయాలి. ఏ ట్యూషన్‌లోనూ అంత సాధన జరగదు. నిద్రలో లేపి అడిగినా రెండూ చెప్పేటంత గట్టిగా వచ్చేసింది మాకు. అదొక్కటే మా బాధ.

ఇలా చాలా రోజులు సాగింది. ఒకరోజు సార్ ముఖంలో విసుగు పోయి ఇంకేదో కనిపించింది. కళ్ళు చిన్నవి చేసి మమ్మల్ని ఒక్కొక్కరినే చూశారు. మరుసటి క్లాసుకు ప్రిన్సిపాల్‌ను వెంటబెట్టుకు వచ్చారు. ప్రిన్సిపాల్ వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేం ఒకరినొకరు చూసుకుని తప్పులకు సిద్ధమయ్యాం.

సార్ ఎవరినీ ప్రశ్న అడగలేదు. నా వైపు వేలు చూపించి, ఎంతో మామూలుగా ఒక వాక్యం చెప్పారు: "బై జూన్, దిస్ గర్ల్ విల్ హావ్ ఫెయిల్డ్ ఇన్ ఇంగ్లీష్. అట్ దిస్ టైమ్ నెక్స్ట్ ఇయర్, షి విల్ బీ సిట్టింగ్ అట్ హోమ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నదెవరు, వెనకున్నదెవరు, ఏదీ గుర్తులేదు. దిగ్గున లేచాను. "నో సర్! బై జూన్ ఐ విల్ హావ్ పాస్డ్! అట్ దిస్ టైమ్ నెక్స్ట్ ఇయర్ ఐ విల్ బీ లర్నింగ్ నర్సింగ్ ఇన్ ఖమ్మం!"

నా పక్క బెంచీ పిల్ల తల పట్టుకుంది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. అందరి నోళ్ళకూ తాళం వేసి, నా నోరే తెరిచి కూర్చున్నాను. ఛీ, ఏం బతుకు!

ప్రిన్సిపాల్ తృప్తిగా తలాడించాడు. "పిల్లకు మంచిగనే వచ్చింది. ఇగ పోర్షన్ అయినట్టే కదా సార్? రిలీవింగ్ కాయితం పెట్టుమంటరా?"

సార్ కళ్ళల్లో గెలిచిన మెరుపు కనిపిస్తూనే ఉంది. ఇంతలో ఆఖరి బెంచీలోంచి చర్ల అబ్బాయి, ఎవరూ అడగకుండానే, లేచి నిలబడ్డాడు. "సర్, బై ద టైమ్ ద ఫెస్టివల్ విల్ కమ్, ద మ్యాంగోస్ విల్ బీ రైపెనింగ్" అన్నాడు. పెట్టొద్దన్న చోట 'విల్' కూడా పెట్టాడు, చెవులు పోతే పోనీ అని. తన బంగారంలాంటి వాక్యాన్ని తనే నాశనం చేసుకున్నాడు, నా కోసం. వాడి పక్కవాడు లేచి ఇంకో తప్పు చెప్పాడు. వరసగా అందరూ లేచారు. ఏడుపూ నవ్వూ కలిసి నాకు ముక్కు కారింది.

సార్ చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. తర్వాత ప్రిన్సిపాల్‌తో, "చూశారుగా సార్. ఒక్కరికి వస్తే క్లాసుకు వచ్చినట్టు కాదు" అన్నారు.

"అయితే ఎన్నడు అయితది?"

"పరీక్షల దాకా పట్టేటట్టుంది సార్."

ప్రిన్సిపాల్ ఆయన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, మీసం సవరించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయనకు ఎంత అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

సార్ తలుపు దగ్గరగా వేశారు. "దొంగ వెధవల్లారా! నిజంగా తెలియనివాడు గుడ్డిగా చెప్పినా సగం రైటవుతాయిరా. ఇన్ని రోజుల్లో ఒక్కటంటే ఒక్కటి రైటు కాలేదంటే, మీకు ఎంత బాగా వచ్చుండాలి!" అన్నారు. మేం పగలబడి నవ్వాం. ఆయనా నవ్వారు. నవ్వు తగ్గాక సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఒక వాక్యం రాశారు. రాసుకోమన్నారు.

బై ద టైమ్ ఐ గో హోమ్, మై డాటర్ విల్ హావ్ లర్న్ట్ టు వాక్.

ఆయనకు కూతురుందని మాకు అప్పటిదాకా తెలియదు. నేను లేచి, "మీరు పోండ్రి సార్, మేం సదువుకుంటం" అన్నాను. "కూర్చో. ప్రిన్సిపాల్ ముందు పాసవుతానన్నావుగా, అయి చూపించు" అన్నారు ఆయన. కూర్చున్నాను. అన్నట్టే పాసయ్యాను, ఖమ్మమూ వెళ్ళాను. ఆ రోజు మాత్రం అందరం తలలు వంచుకుని బోర్డు మీది వాక్యాన్ని రాసుకున్నాం, ఎవరూ ఒక్క తప్పు చేయలేదు.